త్రైమాసిక మైలురాయిని ప్రకటించే వాక్యానికి కర్త ఎవరు కావాలి?

మాధవి: జీడిమెట్లలో వ్యవసాయ పంపులు తయారుచేసే ఒక చిన్న సంస్థకు నేను ప్రచార వ్యవహారాలు చూస్తుంటాను. జూలై–సెప్టెంబరు త్రైమాసికంలో మా 10,000వ పంపు డీలరుకు చేరింది. మా డీలర్లందరూ తెలుగువారే కనుక లింక్డ్‌ఇన్‌లో తెలుగులోనే పెట్టాలని ఇలా రాశాను: “ఈ త్రైమాసికంలో మేము 22 శాతం వృద్ధితో, 10,000 పంపుల అద్వితీయ మైలురాయిని సాధించామని తెలియజేయుటకు మిక్కిలి గర్విస్తున్నాము.” హుందాతనం తగ్గకూడదు, సొంత డప్పు కొట్టుకున్నట్టూ ఉండకూడదు. ఎక్కడ మార్చాలో పెద్దలు చెప్పగలరు.

ఫణీంద్ర: చిక్కంతా “మేము” అన్న మాటలోనే ఉందండీ. దాన్ని తీసేసి “10,000వ పంపు విజయవంతంగా అందించబడినది” అంటే హుందాగానూ ఉంటుంది, గొప్పలు చెప్పుకున్నట్టూ ఉండదు.

సత్యనారాయణ: “మేము” మీద ఫణీంద్ర గారికి కలిగిన అనుమానం సరైనదే, కానీ “అందించబడినది” అనగానే వాక్యం కార్యాలయ నోటీసు బోర్డెక్కుతుంది. గొప్పతో పాటు పనిచేసిన మనుషులూ మాయమవుతారు, ఇక ఆత్మీయత ఎక్కడి నుంచి వస్తుంది? తెలుగులో ఇంతకన్నా సులువైన దారి ఉంది. “అందించాము”, “సాధించాము” అనే చోట “చేరింది”, “వెళ్లింది” అనండి. అప్పుడు పంపే కర్త అవుతుంది, జరిగిన సంగతి జరిగినట్టుగా వినిపిస్తుంది. మనుషులను రెండో వాక్యంలో, కృతజ్ఞత చెప్పే చోట తీసుకురండి.

“తెలియజేయుటకు మిక్కిలి గర్విస్తున్నాము” అన్నది పూర్తిగా తీసేయవచ్చు. లింక్డ్‌ఇన్‌లో మొదటి రెండు మూడు వరుసలే కనిపించి మిగిలింది మడతలో ఉండిపోతుంది కనుక, ఆ కాస్త చోటును మర్యాద మాటలకు ఇవ్వడం నష్టం. “అద్వితీయ” అన్నది చదివినవారు అనవలసిన మాట. ఇక 22 శాతం అంటే ఎంత నుంచి ఎంతకు? ఆ మూడు నెలల్లో మీకు నిజంగా అండగా నిలిచినవారెవరు?

మాధవి: ఏప్రిల్–జూన్‌లో 1,150 పంపులు, ఈసారి 1,400. ఆగస్టులో వైండింగుకు కావలసిన రాగి తీగ ఆలస్యంగా వచ్చింది. డీలర్లు రెండు వారాలు ఆగారు, ఒక్కరు కూడా ఆర్డరు రద్దు చేసుకోలేదు.

రజియా: మా సంస్థలో ఇలాంటి అంకెలు పెట్టనివ్వరండీ. మాది స్టాక్ మార్కెట్లో నమోదైన సంస్థ. ఫలితాలు ఎక్స్ఛేంజికి చేరకముందే అమ్మకాల లెక్క బయటపెడితే సెబీ నిబంధనలతో ఇబ్బంది వస్తుంది. అందుకే మా పోస్టులన్నీ విశేషణాలతోనే నిండిపోతాయి.

సత్యనారాయణ: రజియా గారూ, మీ ఇబ్బంది నిజమైనదే, అయితే మాధవి గారిది నమోదైన సంస్థ కాదనుకుంటాను. మీరు కూడా ఫలితాలు అధికారికంగా వెలువడ్డాక అవే అంకెలను వాడుకోవచ్చు, అంతవరకు విశేషణాలతో నింపడం కన్నా ఆగడం మేలు. మాధవి గారికి నేనైతే ఇలా రాస్తాను:

“మా 10,000వ పంపు సెప్టెంబరులో జీడిమెట్ల నుంచి నల్లగొండ డీలరుకు చేరింది. ఏప్రిల్–జూన్‌లో 1,150 పంపులు వెళ్లగా, జూలై–సెప్టెంబరులో 1,400 వెళ్లాయి. ఆగస్టులో రాగి తీగ ఆలస్యమైనప్పుడు రెండు వారాలు ఓపిక పట్టిన డీలర్లకు, తీగ అందగానే ఆగిపోయిన ఆర్డర్లన్నింటినీ నెలాఖరులోగా పూర్తిచేసిన వైండింగ్ విభాగం వారికి మా కృతజ్ఞతలు.”

సెప్టెంబరు, నల్లగొండ, వైండింగ్ విభాగం వారి సంగతి ఊహించి రాశాను, అసలు వివరాలు మీరు పెట్టుకోండి. “త్రైమాసికం” బదులు నెలల పేర్లు రాయడం కావాలనే చేశాను, ఎందుకంటే రెండవ త్రైమాసికమంటే ఏప్రిల్ నుంచి లెక్కపెట్టేవారికి ఒకటి, జనవరి నుంచి లెక్కపెట్టేవారికి మరొకటి.

ఫణీంద్ర: బాగుంది, కానీ ఆలస్యం సంగతి మనమే బయటపెట్టుకోవడం ఎందుకండీ? పోటీదారులు కూడా చదువుతారు కదా.

సత్యనారాయణ: ఆ మాట తీసేస్తే కృతజ్ఞతకు కారణం ఉండదు. “డీలర్లందరికీ ధన్యవాదాలు” అని ప్రతి సంస్థా రాస్తుంది, డీలరు దాన్ని తనకోసం రాసినట్టుగా చదవడు. రెండు వారాలు ఆగినవాడికి ఆలస్యం ముందే తెలుసు, అది మీకు గుర్తుందన్న సంగతే అతనికి కొత్త.

ఫణీంద్ర: పోనీ “మా 10,000వ పంపు” అనే చోట “మన 10,000వ పంపు” అంటే ఇంకా దగ్గరగా ఉండదా?

సత్యనారాయణ: సిబ్బందికి పంపే సందేశంలో అయితే తప్పకుండా “మన” అనే అంటాను. లింక్డ్‌ఇన్‌లో చదివేవారిలో ఉద్యోగార్థులు, బ్యాంకువారు, ఏ సంబంధమూ లేనివారు కూడా ఉంటారు. వారినందరినీ “మన”లో కలిపేసుకుంటే చనువు కాస్త ఎక్కువైనట్టుంటుంది.

మాధవి: ఇక్కడ నాకు సందేహమే మిగిలింది సార్. మా డీలర్లు ఫోనులో మాట్లాడేటప్పుడు “మన పంపు” అనే అంటారు, వారికి “మా” అన్నది దూరం పెట్టినట్టు వినిపిస్తుందేమో. మొదటి వాక్యంలో “మా” ఉంచి, కృతజ్ఞత చెప్పే చోట “మన డీలర్లకు” అని మార్చి చూస్తాను. ఆలస్యం గురించిన వాక్యాన్ని మాత్రం మా యజమాని గారికి చూపించాకే పెట్టగలను.