నాలుగు సగటులు నాలుగు వేర్వేరు జతల గుంపుల నుంచి వస్తుంటే 2 అనే హద్దు ఎలా పెడతారు?

అనూష
ఎమ్మెస్సీ సెమినార్ కోసం సీహెచ్ఎస్‌హెచ్ అసమానత చదువుతున్నాను. జతలో ఇటువైపు రెండు కొలతల ఫలితాలు A, A', అటువైపు రెండు కొలతల ఫలితాలు B, B', నాలుగూ +1 లేదా −1 అనుకుని A(B+B') + A'(B−B') ఎప్పుడూ +2 లేదా −2 అవుతుందని చూపిస్తారు, అంతవరకు బాగానే ఉంది. కానీ ప్రయోగంలో ఒక జత మీద ఒక A, ఒక B మాత్రమే కొలుస్తాం కదా, నాలుగూ ఒకేసారి ఎవరూ కొలవరు. మరి ఆ లెక్క ప్రయోగానికి ఎలా వర్తిస్తుంది?

వెంకటరమణ
అమ్మా, సరైన చోట వేలు పెట్టారు. వర్తించదు. నాలుగు కోరిలేషన్లు నాలుగు వేర్వేరు డేటా గుంపుల నుంచి వస్తాయి, ఒక్కోటి −1 నుంచి +1 దాకా ఎంతైనా ఉండొచ్చు, కాబట్టి మొత్తానికి హద్దు 4. కామన్ ఫ్యాక్టర్ తీసి బ్రాకెట్‌లో పెట్టాలంటే రెండు చోట్లా అదే A ఉండాలి. ఇక్కడ మొదటి గుంపులో A వేరు, రెండో గుంపులో A వేరు. ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పాను, ఇలాంటి కూడిక చేసిన విద్యార్థికి నేను మార్కులు వేయను.

చిన్ని
అంటే దీనితో కాంతి కన్నా వేగంగా మెసేజ్ పంపొచ్చా?

సుధీర్
చిన్ని గారూ, పంపలేం. ఒక వైపు కూర్చున్నవాళ్లకి కనిపించేది ఎప్పుడూ సగం +1, సగం −1. అవతలివాళ్లు ఏ కోణం పెట్టినా ఇది మారదు. తేడా బయటపడాలంటే రెండు వైపుల జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి, అందుకు మామూలు ఫోనో మెయిలో కావాల్సిందే.

అనూష గారి ప్రశ్నకి బీజగణితం పక్కన పెట్టి చూద్దాం. ఎంటాంగిల్ అయిన రెండు ఫోటాన్లు, రెండు వైపులా పోలరైజర్లు. ఒకే కోణం పెడితే రెండు ఫలితాలూ ఎప్పుడూ ఒకటే, అలాంటి స్థితి. ఇటు 0° లేదా 45°, అటు 22.5° లేదా 67.5° పెడతాం. రెండు కోణాల మధ్య తేడా 22.5° అయితే రెండు ఫలితాలూ ఒకటే అయ్యే అవకాశం సుమారు 85 శాతం, అంటే 15 శాతం సార్లు తేడా వస్తుంది.

ఇప్పుడు ప్రతి జతకీ నాలుగు జవాబులూ ముందే రాసి ఉన్నాయనుకోండి. 0° జవాబుకి, 22.5° జవాబుకి 15 శాతం జతల్లో తేడా. 22.5°కి, 45°కి మరో 15 శాతం. 45°కి, 67.5°కి ఇంకో 15. మరి 0°కి, 67.5°కి ఎన్ని జతల్లో తేడా ఉండొచ్చు? ఈ మూడు మెట్లలో ఎక్కడో ఒకచోట జవాబు మారితే తప్ప చివరలు వేరుకావు, కాబట్టి మహా అయితే 45 శాతం. క్వాంటమ్ లెక్క చెప్పేది, ల్యాబ్‌లో దాని దరిదాపుల్లో కనిపించేది 85 శాతం. మొత్తం గొడవ ఈ 45కీ 85కీ మధ్యే. నాలుగు కోరిలేషన్లనీ కలిపిన సంఖ్యని S అని, ఒక్కో కోరిలేషన్‌ని E అని రాస్తారు, ఆ భాషలో చెబితే:

```
S = E(0,22.5) + E(45,22.5) + E(45,67.5) − E(0,67.5)
E(α,β) = cos 2(α−β)
S = 4 × 0.707 = 2.828
```

వెంకటరమణ
మళ్లీ అదే పని చేశారు. మొదటి 15 శాతం ఒక గుంపులోది, రెండో 15 మరో గుంపులోది. వాటిని కూడే హక్కు మీకు ఎవరిచ్చారు? నేను పనిచేసిన ఒక ఆఫీసులో పంట దిగుబడి సర్వే చేశారు. ఒక మండలంలో ఎరువు లెక్క, ఇంకో మండలంలో నీళ్ల లెక్క, మూడోచోట విత్తనం లెక్క తీసి అన్నీ ఒకే రైతువన్నట్టు కలిపేశారు. కుదరదని రాతపూర్వకంగా ఇచ్చాను, ఫైలు పక్కన పడేశారు, తర్వాత ఆ అంచనా తప్పని తేలింది. ఇక్కడా అదే జరుగుతోంది.

సుధీర్
మాస్టారూ, మీ సర్వేలో మండలాలు ముందే వేరు. ఇక్కడ ఏ జతకి ఏ కోణాలు పడతాయన్నది జత బయల్దేరాక చీటీ తీసినట్టు నిర్ణయమవుతుంది. ఒకే జనాభా నుంచి యాదృచ్ఛికంగా తీసిన నాలుగు శాంపిళ్లు ఇవి. అలా తీసిన శాంపిల్ సగటు మొత్తం జనాభా సగటుకి దగ్గరగా ఉంటుందని మీరే ముప్పై ఏళ్లు పాఠం చెప్పి ఉంటారు. అసలు జనాభాలో 45 దాటని చోట శాంపిల్‌లో 85 రావడమన్నది చిన్న గుంపులోనైతే అదృష్టం, పెద్ద గుంపులో అసాధ్యం.

అయితే పాత ప్రయోగాల విషయంలో మీ అనుమానానికి బలం ఉంది, అది ఒప్పుకోవాలి. 1982లో ఆస్పె బృందానికి సుమారు 2.70 వచ్చింది కానీ, డిటెక్టర్లు చాలావరకు ఫోటాన్లను పట్టుకోలేదు. పట్టుబడ్డవి మిగతావాటికి ప్రతినిధులే అని నమ్మాల్సి వచ్చింది. ఈ నమ్మకం అవసరం లేకుండా ఉండాలంటే, ఈ స్థితితో ఈ అసమానతకి, డిటెక్టర్ల సామర్థ్యం సుమారు 83 శాతం దాటాలి. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఈ నమ్మకం అవసరమే లేకుండా చేశారు. 1.3 కిలోమీటర్ల దూరంలో రెండు వజ్రాలు, వాటిలో ఎలక్ట్రాన్ స్పిన్లు. ఎంటాంగిల్ అయ్యాయని కబురొచ్చిన ప్రతి ప్రయత్నాన్నీ లెక్కలోకి తీసుకున్నారు, ఒక్కటీ వదల్లేదు. S విలువ 2.42 వచ్చింది.

వెంకటరమణ
ఎన్ని ప్రయత్నాలు? 245. S విలువలో ప్రామాణిక దోషం 0.20. 2కి, 2.42కి మధ్య రెండు సిగ్మాలు. దీని మీద ప్రపంచాన్నే మార్చేస్తారా?

సుధీర్
అది ఒక్కటే అయితే మీ మాట నిలిచేది. అదే ఏడాది వియన్నాలో, అమెరికాలోని ఎన్ఐఎస్‌టీలో ఫోటాన్లతో చాలా పెద్ద డేటాతో చేశారు, వాటిలో ఇది యాదృచ్ఛికం అనడానికి చోటే లేదు. అక్కడ వాడిన అసమానత రూపం కొంచెం వేరు, ఆధారం మాత్రం ఇదే.

ఫణి
నా సంగతి చెప్పాలి. మా కాలేజీ ల్యాబ్‌లో ఇదే ప్రయోగం చేస్తే S = 3.1 వచ్చింది. ఎగ్జామినర్ రికార్డు కూడా తెరవకుండా సున్నా వేశారు. క్లాసికల్ హద్దు దాటితే నోబెల్, క్వాంటమ్ హద్దు దాటితే సున్నానా? రమణ గారు చెప్పినట్టు అసలు హద్దు 4 అయితే నాది తప్పెలా అవుతుంది?

మాధవి
ఫణి, 2.828 అనేది 1980లో సిరెల్సన్ చూపిన హద్దు. S ఆపరేటర్‌ని వర్గం చేస్తే 4 వచ్చి, దానికి A, A' కమ్యూటేటర్, B, B' కమ్యూటేటర్ల లబ్ధం కలుస్తుంది. అది గరిష్ఠంగా ఇంకో 4, మొత్తం 8, దాని వర్గమూలం 2.828. అంటే 2 దాటడానికి కారణం కొలతలు కమ్యూట్ కాకపోవడమే. 0° కొలత 45° కొలతని చెడగొడుతుంది, అంతే. ఎంటాంగిల్‌మెంట్‌కి జనం అనవసరంగా ఎక్కువ పేరు ఇస్తున్నారని నా అభిప్రాయం.

సుధీర్
మాధవి గారూ, సగం దారి బాగా చూపారు. కమ్యూటేటర్ సున్నా అయితే 2 దాటదు, నిజమే. కానీ కొలతలు అవే ఉంచి, ఎంటాంగిల్ కాని జత పంపండి. అప్పుడు ఒక్కో ఫోటాన్‌కి తన సొంత స్థితి ఉంటుంది కాబట్టి E(a,b) అంటే ఇటు సగటునీ అటు సగటునీ గుణించడమే. ఆ సగటులన్నీ −1, +1 మధ్య సంఖ్యలు. వాటిని అనూష గారు రాసిన సూత్రంలో పెడితే మళ్లీ 2 దాటదు. అలాంటి జతలని ఎన్ని రకాలుగా కలిపి పంపినా అంతే.

ఎంటాంగిల్ అయిన జతలో విడి సగటులన్నీ సున్నా, ఏ కోణంలో చూసినా. ఒక్కో ఫోటాన్‌కి సొంతంగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఉన్నదంతా జతలోనే ఉంది. అందుకే E ని ఇటు సంఖ్య, అటు సంఖ్య గుణకారంగా విడగొట్టలేం. కమ్యూట్ కాని కొలతలు, విడదీయలేని స్థితి, ఈ రెండూ కలిస్తేనే 2 దాటేది. ఎంటాంగిల్‌మెంట్ ఉన్నా శబ్దం ఎక్కువైతే పోతుంది. ఆదర్శ స్థితికి రంగులేని శబ్దం కలిపి, కోరిలేషన్ 70.7 శాతానికి పడిపోతే S సరిగ్గా 2.

ఫణీ, మీ సెటప్‌లో వైపుకి ఒక్క పోలరైజర్, ఒక్క డిటెక్టరేనా? అయితే ఒక్కో E కి నాలుగు లెక్కలు, మొత్తం పదహారు, ఒకదాని తర్వాత ఒకటి తీసి ఉంటారు. మధ్యలో లేజర్ పవర్ తగ్గితే, అప్పుడు తీసిన ‘తేడా’ లెక్కలు తక్కువగా కనిపించి E పెరిగిపోతుంది. ఒక్కో E 0.707 బదులు 0.775 అయితే చాలు, 3.1 అయిపోతుంది. పదహారు సార్లూ ఒక్కో వైపు విడి కౌంట్లు రాసుకున్నారా? పోలరైజర్ కోణంతో మారాల్సిన అవసరం లేని ఆ సంఖ్య వరసగా దిగుతూ ఉంటే దొంగ అక్కడే ఉన్నాడు.

ఫణి
విడి కౌంట్లు రాశాను సర్. మొదట్లో ఎక్కువ, చివరికి తక్కువ. అయినా సున్నా వేయడం అన్యాయమే కదా.

వెంకటరమణ
చూశారా! గుంపులు వేరైతే 3.1 కూడా వస్తుంది. నేను మొదటినుంచీ చెప్పేది ఇదే.

సుధీర్
మాస్టారూ, గుంపులు వేరు కావడానికి అక్కడ కారణం ఉంది, కౌంట్లలో కనబడుతోంది కూడా. కోణం యాదృచ్ఛికంగా మారుస్తూ తీసిన చోట అలాంటి కారణం చూపించండి. చూపించలేకపోతే ఒక పని చేయండి. రెండు కంప్యూటర్లు తీసుకోండి, మధ్యలో నెట్‌వర్క్ ఉండకూడదు, ముందుగా వాటిలో ఏ డేటా అయినా నింపుకోండి. నేను రెండింటికీ యాదృచ్ఛికంగా కోణాలు ఇస్తాను, ప్రతిసారీ రెండూ +1 లేదా −1 చెప్పాలి. పదివేల సార్లలో S 2.5 దాటించండి. మీ వాదన నిజమైతే ఇది సులువు. మాటలు చాలు, ప్రోగ్రామ్ రాయండి.

వెంకటరమణ
వయసులో పెద్దవాణ్ణి, నాకు హోంవర్క్ ఇస్తున్నారా? కంప్యూటర్ ఎలా దాటుతుంది? కంప్యూటర్‌లో అడగని కోణానికి కూడా జవాబు ఉంటుంది! ప్రోగ్రామ్‌కి 45° ఇచ్చినా, 0° ఇస్తే ఏం చెప్పేదో మళ్లీ నడిపి చూడొచ్చు. ఫోటాన్ అలా కాదు. కొలవనిదానికి విలువ ఉందని చెప్పడానికి ఎవరికీ అధికారం లేదు. మీరు నాలుగు అక్షరాలూ ఒకే గీత మీద రాయడమే నాకు నచ్చనిది!

సుధీర్
అయితే మన మధ్య ఉన్న గొడవ శాంప్లింగ్ గురించి కాదు. మీరు లెక్కని కాదు, లెక్కకి పునాది అయిన ఊహని కాదంటున్నారు. అడగని కోణానికి కూడా జవాబు ముందే ఉంది, దూరంగా ఉన్న కోణం దాన్ని మార్చదు, ఇదే కదా స్థానిక దాగిన చరాల ఊహ. 1969లో క్లౌజర్, హోర్న్, షిమోనీ, హోల్ట్ ఆ ఊహ పెట్టుకుంటేనే 2 అన్నారు. ప్రకృతి 2 దాటకూడదని అనలేదు.

కానీ ఒక్కటి చెప్పండి. రెండు వైపులా 0° పెడితే ప్రతిసారీ ఒకే జవాబు వస్తుంది. జవాబు ముందే లేదు, ఇటు నుంచి అటు ఏమీ పోలేదు. మరి ప్రతిసారీ ఎలా కలుస్తున్నాయి?

వెంకటరమణ
కలుస్తాయని లెక్క చెబుతోంది, కలుస్తున్నాయి. ‘ఎలా’ అన్నదానికి బొమ్మ గీసి చూపాలని ఎందుకు పట్టుబడతారు?

సుధీర్
పట్టుబడతాను మాస్టారూ. బెల్ 1964లో మొదలుపెట్టింది సరిగ్గా అక్కడి నుంచే. ముందే రాసిపెట్టిన జవాబు ఒక్కటే ఆ కలయికకి స్థానికమైన వివరణ, అదీ 85 దగ్గర కూలిపోయింది. అందుకే నా వరకు కూలింది స్థానికతే.

మాధవి
నా వరకు కూలింది ముందే ఉన్న విలువలు. ఈ విషయంలో రమణ గారి పక్షాన ఉంటాను, శాంప్లింగ్ మాట తప్ప.

అనిల్
కోణాలు ఎంచే యంత్రానికీ, ఫోటాన్లకీ ముందే ఉమ్మడి కారణం ఉంటే?

సుధీర్
ఉంటే అసమానత రాదు, ఆ తలుపు పూర్తిగా మూయలేం. 2018లో క్వేజార్లనే బహుదూరపు గెలాక్సీ కేంద్రాల కాంతితో కోణాలు ఎంచి చూశారు. అలాంటి ఉమ్మడి కారణం ఉంటే అది కనీసం 780 కోట్ల ఏళ్ల క్రితందై ఉండాలని తేలింది.

అనూష
సెమినార్‌లో 15, 15, 15, 85 లెక్కే బోర్డు మీద వేస్తాను. రమణ గారి అభ్యంతరం మా సార్ కూడా తప్పకుండా అడుగుతారు, కాబట్టి కోణాలు ఎప్పుడు ఎంచుతారన్నది విడిగా చెబుతాను. డెల్ఫ్ట్‌లో కోణం ఎంచి ఫలితం చదివేసరికి ఎంత సమయం పట్టింది?

సుధీర్
1.3 కిలోమీటర్లు దాటడానికి కాంతికి నాలుగు మైక్రోసెకన్లకి కాస్త పైన పడుతుంది. కోణం ఎంపిక, రీడౌట్ రెండూ ఆ లోపే పూర్తయ్యేలా చూసుకున్నారు.