అప్‌డేట్: బెడ్‌రూమ్ ఫ్లోర్‌కి ఎన్ని చెక్క ప్లాంకులు పట్టాయంటే

నేను అడిగింది: "హనుమకొండలో మా బెడ్‌రూమ్ 3660 × 3350 మి.మీ. ప్లాంక్ 1220 × 195, బాక్సుకి 8. వైశాల్యం లెక్కలో 52 వస్తున్నాయి. సరిపోతాయా?"

సరిపోవు, 54 పట్టాయి. వానాకాలం తేమకి చెక్క ఉబ్బుతుంది కాబట్టి చుట్టూ 10 మి.మీ. గ్యాప్ వదిలాం. మిగిలింది 3640 × 3330. వెడల్పులో 17 వరుసలు పరిస్తే చివర 15 మి.మీ. సందు మిగులుతుంది. ప్లాంకుల అంచులు ఒకదాన్నొకటి పట్టుకునే లాక్‌లో అంత సన్నని ముక్క నిలవదు. అందుకే ఫిట్టర్ అన్న మొదటి వరుసనీ చివరి వరుసనీ 105కి చీల్చి, మధ్యలో 16 నిండు వరుసలు వేశాడు. మొత్తం 18. చీల్చగా మిగిలిన 90 మి.మీ. పట్టీలు ఎందుకూ పనికిరావు. వైశాల్యం లెక్కకి అందని ప్లాంకులు అక్కడే పోయాయి.

పొడవులో మాత్రం మాకు బాగా కలిసొచ్చింది. ఒక వరుస నిండు ప్లాంకుతో మొదలై 1200 ముక్కతో ముగుస్తుంది. పక్క వరుస 610తో మొదలై, రెండు నిండు ప్లాంకుల తర్వాత 590తో ముగుస్తుంది. ఆ 610, 590 ఒకే ప్లాంకులోవి. కోసిన అంచు గోడవైపు, లాక్ ఉన్న అంచు లోపలికి రావాలి, అంతే. అలా ఏ వరుసకైనా మూడే ప్లాంకులు, అతుకులు కూడా ఒకే గీతలో పడవు.

ఏడు బాక్సులు, అంటే 56 తెచ్చాం. మిగిలిన రెండూ మంచం కింద దాచాను, రేపు ఏదైనా ప్లాంక్ పాడైతే అదే షేడ్ మళ్లీ దొరకడం కష్టం. స్కర్టింగ్ మేకులు గోడకే కొట్టించండి, ఫ్లోర్‌కి కొడితే అది కదలలేక మధ్యలో పైకి లేస్తుంది.