ఫోటోను ట్రేస్ చేసిన ముఖంతోనే అన్ని శైలులూ వేయించవచ్చా?

ప్రశ్న (డ్రాయింగ్ టీచర్): ఎనిమిదో తరగతికి ఆరు పీరియడ్ల పాఠం రాసుకుంటున్నాను. పిల్లలు తమ ఫోటోను ట్రేస్ చేస్తారు. ఆ గీతల బొమ్మను నాలుగు జిరాక్సులు తీసి ఫావిజం, క్యూబిజం, పాయింటిలిజం, పాప్ ఆర్ట్ శైలుల్లో రంగులు వేయిస్తాను. ట్రేసింగ్ అంటేనే మోసమని మా తోటి టీచర్ అంటున్నారు. మీరేమంటారు?

కుంచెపట్టు: మీ తోటి టీచర్ చెప్పిందే నిజం. అద్దం ముందు కూర్చోబెట్టి గీయించండి, చెయ్యి కుదురుతుంది. ఆ తర్వాత శైలులు మార్చడం పెద్ద పనేం కాదు. ఫావిజం అంటే నచ్చిన చోట నచ్చిన రంగు. క్యూబిజానికి ముఖం మీద స్కేలుతో అడ్డదిడ్డంగా గీతలు కొట్టి, ఒక్కో ముక్కకు ఒక్కో రంగు వేయించండి.

వర్ణలేఖ: అద్దం సంగతి ఒప్పుకుంటాను కానీ మిగతా రెండూ ఒప్పుకోలేను. ట్రేసింగ్ మంచిదా చెడ్డదా అన్నది శైలిని బట్టి ఉంటుంది. పాప్ ఆర్ట్‌లో వార్హోల్ ఫోటోనే సిల్క్‌స్క్రీన్ మీదికి ఎక్కించి ముద్రలు తీశాడు. అక్కడ ట్రేసింగ్, జిరాక్స్ ఆ పద్ధతికే దగ్గర.

ఫావిజంలో ట్రేసింగ్ పనికొస్తుంది గానీ ‘నచ్చిన రంగు’ అంటే మాత్రం బొమ్మ పాడవుతుంది. మతీస్ 1905లో తన భార్య ముఖాన్ని వేసిన ‘ఆకుపచ్చ గీత’ చిత్రం చూపించండి. నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా ఆకుపచ్చ పట్టీ దిగుతుంది. దానికి ఒక పక్క ముఖం పసుపు వైపు, రెండో పక్క గులాబీ వైపు ఉంటుంది. రంగులు అసహజమే, అయినా ముక్కు ముందుకే కనిపిస్తుంది. అందుకని రంగు ముట్టుకునే ముందు జిరాక్స్ మీద పెన్సిల్‌తో ముఖాన్ని వెలుగు, మధ్యస్థం, నీడ అని మూడు భాగాలు చేయించండి. వెలుగుకు పసుపు, లేత నారింజ. మధ్యస్థానికి ఎరుపు, ఆకుపచ్చ. నీడకు ముదురు నీలం, ఊదా. ఆ వరసలో ఏ రంగు తీసుకున్నా ఫరవాలేదు. ముక్కు కింది నీడలో పసుపు పూశారంటే మాత్రం ముక్కు చదునైపోతుంది. ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీసి చూపిస్తే తప్పు ఎక్కడుందో పిల్లలే పట్టేస్తారు.

క్యూబిజానికి ఒక్క ఫోటో చాలదు. ఎదురుగా చూసిన ముఖం, పక్క నుంచి చూసిన ముఖం రెండూ ఒకే బొమ్మలో ఉండాలి. అద్దంలో చూసి ఎదురు ముఖం ఒక కాగితం మీద గీయమనండి. పక్క ముఖం జతలో రెండోవారు గీసివ్వాలి. రెండూ ఒకే కొలతలో ఉండాలి, లేకపోతే ముక్కలు అతకవు. వాటిని కత్తిరించి, ఎదురు కన్ను పక్కన పక్క నుంచి చూసిన ముక్కు పెట్టి అంటించాక, గోధుమ, బూడిద రంగులతో నీడలు. స్కేలు గీతల బొమ్మలో ఆ గీతలు చెరిపేస్తే పాత ఫోటోనే మిగులుతుంది. అది క్యూబిజం కాదనడానికి అదే గుర్తు.

కుంచెపట్టు: హువాన్ గ్రీస్ 1912లో వేసిన పికాసో రూపచిత్రం నిండా గీతలూ ముక్కలే కదా మేడం?

వర్ణలేఖ: గీతలున్నాయండీ, కాదనను. కానీ గీత దాటాక ముఖం అక్కడే కొనసాగదు, కాస్త జరుగుతుంది. మీరు చెప్పిన పద్ధతిలో రంగు మారుతుంది తప్ప ముఖం కదలదు.

ఒక అమ్మ: మా పాపకు బుగ్గల మీద మొటిమలు. తన ఫోటో అందరి ముందు పెట్టనంటుంది. పోలిక రాకపోతే మార్కులు పోతాయా?

వర్ణలేఖ: మార్కులు పోలికకు పెట్టకూడదమ్మా. వెలుగు, నీడ వరస కుదిరిందా, రెండు వైపులూ కలిశాయా అన్నదానికే పెట్టాలి. ఫోటో గోడకు అంటించాల్సిన పని లేదు. ముఖం కాస్త పక్కకు తిప్పిన ఫోటో, జుట్టు నీడ పడిన ఫోటో ఏదైనా సరిపోతుంది.

పీరియడ్ల సారు: ఇవన్నీ ఆరు పీరియడ్లలో ఎలా అవుతాయి? చుక్కలతోనే బొమ్మలు వేసే పాయింటిలిజం చిత్రకారుడు సూరా తన ‘గ్రాండ్ జాట్’ చిత్రం కోసం 1884 నుంచి 1886 దాకా శ్రమించాడు. పిల్లలేమో రెండో పీరియడ్‌కే విసుగొచ్చి చుక్కల బదులు గీతలు గీకేస్తారు. పాయింటిలిజానికి ముఖమంతా వద్దు, ఒక్క కన్ను పెద్దది చేసి అరచేతి సైజు కాగితం మీద వేయించండి. నన్నడిగితే తరగతిని నాలుగు జట్లు చేసి ఒక్కో జట్టుకు ఒక్కో శైలి ఇస్తే సరి.

వర్ణలేఖ: కన్ను మాట బాగుంది, నేనూ అలాగే చేయిస్తాను. జట్లు మాత్రం వద్దు. ఒకే ముఖం రెండు శైలుల్లో వేసినప్పుడే ఏది మారిందో పిల్లలకు తెలుస్తుంది. నాలుగు కుదరకపోతే రెండే ఉంచండి, ఫావిజం, క్యూబిజం.

పీరియడ్ల సారు: పక్క జట్టు బొమ్మ చూసినా ఆ తేడా తెలుస్తుంది మేడం. అక్కడ మనకు కుదరదు.

డ్రాయింగ్ టీచర్: ఫావిజానికి ట్రేసింగ్ ఉంచుతాను, రెండు పీరియడ్లు. క్యూబిజానికి అద్దం, జతలు, మూడు పీరియడ్లు. చివరిది కంటి చుక్కలకు. పాప్ ఆర్ట్ తీసేశాను. అద్దాలు అందరికీ లేవు, ఇద్దరికి ఒకటి చొప్పున ఇస్తే ఒకరు అద్దంలో చూసుకునేటప్పుడే రెండోవారు పక్క ముఖం గీయొచ్చా?

వర్ణలేఖ: గీయొచ్చు. అద్దం చూసేవారు తల కదిలిస్తుంటారు కాబట్టి ముందు నుదురు, ముక్కు, గడ్డం అంచు గీసెయ్యమనండి. చెవి, జుట్టు తర్వాత గీయొచ్చు.