ఒకే గోళం, ఒకే ఫ్లక్స్, రెండు జవాబులు: 384π/5 ఆ, 128π ఆ?

సెమిస్టర్_4
ఎల్లుండి ఇంటర్నల్ పరీక్ష. ఈ ఒక్క లెక్క దగ్గర టెన్షన్ పట్టుకుంది. ఫీల్డ్ F = (x³, y³, z³), గోళం x²+y²+z² = 4. బయటికి పోయే ఫ్లక్స్ కావాలి.

నేరుగా చేశాను. గోళం మీద లంబం n = (x, y, z)/2 కాబట్టి F·n = (x⁴+y⁴+z⁴)/2. ముందు z భాగం ఒక్కటే తీసుకుని z = 2cosφ, dS = 4 sinφ dφ dθ పెట్టాను:

```
32 ∫∫ cos⁴φ sinφ dφ dθ = 32 × 2π × 2/5 = 128π/5
```

మూడు దిక్కులూ ఒకేలా ఉన్నాయి కదా అని మూడింతలు చేస్తే 384π/5 వచ్చింది.

తర్వాత డైవర్జెన్స్ సిద్ధాంతంతో సరిచూశాను. div F = 3(x²+y²+z²) = 3×4 = 12. గోళం ఘనపరిమాణం 32π/3. రెండూ గుణిస్తే 128π. మూడుసార్లు చేసినా ఇంతే. సిద్ధాంతం తప్పు కాదు కాబట్టి నా ఉపరితల ఇంటిగ్రల్లోనే ఏదో పోయిందనుకుంటున్నా. ఎక్కడ?

ఈఎం_ఫీల్డ్స్
మాకు పాయింట్ ఛార్జ్ లెక్కలో అచ్చం ఇలాగే అయింది. డైవర్జెన్స్ అంతటా సున్నా, ఫ్లక్స్ మాత్రం 4π. కేంద్రం దగ్గర ఫీల్డ్ చెడిపోతుంది, అక్కడ చిన్న గోళం కోసి తీసేయాలి. మీదీ అదే అయ్యుంటుంది.

లెక్కల_మాష్టారు
అది వేరే సంగతండీ. అక్కడ కేంద్రం దగ్గర ఫీల్డ్ అనంతానికి పోతుంది. ఇక్కడ ఉన్నవి x³, y³, z³. కేంద్రం దగ్గర సున్నా అవుతాయి, కోయాల్సింది ఏమీ లేదు.

సెమిస్టర్_4, మీ ఉపరితల లెక్క తప్పు కాదు. సరిచూసిన లెక్కే తప్పింది. x²+y²+z² = 4 అన్నది గోళం చర్మం మీద మాత్రమే నిజం. లంబం రాసేటప్పుడు, F·n కట్టేటప్పుడు మనం చర్మం మీదే ఉన్నాం కాబట్టి వాడుకోవచ్చు. డైవర్జెన్స్ ఇంటిగ్రల్ గోళం లోపలంతా తిరుగుతుంది. కేంద్రం దగ్గర 3r² విలువ సున్నా, r = 1 దగ్గర 3, చర్మం దగ్గరికొచ్చాకే 12. మీరు లోపలంతా 12 పెట్టేశారు, అందుకే జవాబు పెద్దదైంది.

గట్టు_మీద_కుర్రాడు
అయితే సగటు తీసుకుంటే సరిపోతుంది కదా సార్? సున్నా నుంచి 12 దాకా, అంటే 6. 6 × 32π/3 = 64π. కానీ ఇది 384π/5 కన్నా తక్కువ వస్తోంది.

లెక్కల_మాష్టారు
సగటు అన్న ఆలోచన మంచిదే బాబూ, తీసిన సగటే సరికాదు. ఉల్లిపాయను తలుచుకో. లోపలి పొర చిన్నది, బయటి పొర పెద్దది. వ్యాసార్ధం 1 లోపల ఉన్న భాగం మొత్తం ఘనపరిమాణంలో ఎనిమిదో వంతే, మిగతా ఏడు వంతులూ దాని బయటే ఉన్నాయి. అందుకే బయటి విలువల బరువు ఎక్కువ. r దగ్గర పొర వైశాల్యం 4πr², దాన్ని 3r² తో గుణించి కలుపుకుంటూ పో:

```
∫₀² 3r² · 4πr² dr = 12π × 32/5 = 384π/5
```

దీన్ని 32π/3 తో భాగిస్తే అసలు సగటు 7.2 వస్తుంది. నీ 6 కంటే ఎక్కువ, 12 కంటే బాగా తక్కువ.

సెమిస్టర్_4
అర్థమైంది సార్! లోపలికి వెళ్లాక 4 ని r² గా వదిలేయాలన్నమాట. ఇంకో అనుమానం. z భాగాన్ని మూడింతలు చేశాను కదా, x⁴ ని విడిగా చేసినా అంతే వస్తుందా?

లెక్కల_మాష్టారు
వస్తుంది. sin⁵φ ఇంటిగ్రల్ 16/15, cos⁴θ ది 3π/4, గుణిస్తే 4π/5. z కి 2π × 2/5 కూడా అంతే. కానీ ఫీల్డ్ (x³, 2y³, z³) అయితే గుడ్డిగా మూడింతలు చేయకూడదు, y భాగం రెట్టింపవుతుంది.

రాత్రి_చదువు
నాకు ఇదే ఫీల్డ్, ఇదే వ్యాసార్ధం, కానీ కేంద్రం (1, 0, 0) లో ఇచ్చారు. కేంద్రాన్ని జరిపి సిద్ధాంతంతో చేస్తే 544π/5 వచ్చింది. నేరుగా చేస్తే 744π/5. ఇక్కడ లోపల 4 ఎక్కడా పెట్టలేదు, ఒట్టు.

గట్టు_మీద_కుర్రాడు
రెండో దాంట్లో లంబం ఏం పెట్టారు? (x, y, z)/2 ఆ, (x−1, y, z)/2 ఆ?

రాత్రి_చదువు
మొదటిదే... ఆగండి, మళ్లీ చేసి చెప్తాను.