దేశీ, సౌత్ ఏషియన్, బ్రౌన్: స్టూడెంట్ క్లబ్‌కి ఏ పేరు పెడితే ఎక్కడ తేడా వస్తుంది?

మాధవి (న్యూజెర్సీ)

ఇక్కడి ఒక యూనివర్సిటీలో ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్ పేరు మార్చాలని తీర్మానం పెట్టారు. సభ్యుల్లో మూడింట రెండొంతులు ఇండియా నుంచి చదువుకోడానికి వచ్చినవాళ్లు, లేదా అమెరికాలోనే పుట్టిన మన పిల్లలు. మిగతావాళ్లవి పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక కుటుంబాలు. దక్షిణ అమెరికాలోని గయానా మూలాలున్నవాళ్లు ఇద్దరున్నారు. సౌత్ ఏషియన్, దేశీ, బ్రౌన్ అని మూడు ప్రతిపాదనలు వచ్చాయి. ఏ మాటకి ఎవరు అభ్యంతరపడతారో, ఎందుకో ముందే తెలిస్తే ఓటింగ్ నాడు గొడవ ఉండదని అడుగుతున్నాను.

రఘు

సౌత్ ఏషియన్ పెట్టేయండి, ఇంకో ఆలోచనే వద్దు. అది ప్రభుత్వం వాడే మాట, సెన్సస్ ఫారంలో కూడా అదే ఉంటుంది. ఎవరూ కాదనలేరు.

శారద (టొరంటో)

రఘు గారూ, మీరు చెప్పింది కెనడాకి సరిపోతుంది. ఇక్కడి సెన్సస్‌లో సౌత్ ఏషియన్ అనే గడి నిజంగానే ఉంది. 2021 లెక్క ప్రకారం ఆ గడిలో ఉన్నవాళ్లు 26 లక్షల మంది, అంటే దేశ జనాభాలో 7.1 శాతం. అందుకే ఇక్కడ ఆఫీసుల్లో, వార్తల్లో ఆ మాట మామూలుగా వినిపిస్తుంది. అమెరికా ఫారంలో అలాంటి గడి లేదు.

వెంకట్ ఎం.

శారద గారు చెప్పింది కరెక్ట్. అమెరికా ఫారంలో ఉన్నది ఏషియన్ ఇండియన్. దాని వెనక కథ తెలిస్తే ఇండియా అనే మాట వదులుకోడానికి పెద్దవాళ్లు ఎందుకు ఇష్టపడరో అర్థమవుతుంది.

1920, 1930, 1940 సెన్సస్‌లలో మనవాళ్లందరినీ, సిక్కులైనా ముస్లింలైనా సరే, హిందూ అనే జాతి కింద రాశారు. 1970కి వచ్చేసరికి తెల్లవాళ్ల లెక్కలో కలిపేశారు. దాంతో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో విడిగా తెలిసే దారి లేకపోయింది, మైనారిటీలకిచ్చే రక్షణలు అడగడానికీ ఆధారం లేకపోయింది. 1970ల మధ్యలో అసోసియేషన్ ఆఫ్ ఇండియన్స్ ఇన్ అమెరికా పట్టుబట్టి అడిగాక, 1980 సెన్సస్‌లో ఏషియన్ ఇండియన్ అనే గడి వచ్చింది. ఉత్త ఇండియన్ అని పెడితే ఇక్కడి ఆదివాసుల లెక్కతో కలిసిపోతుంది కాబట్టి ముందు ఏషియన్ తగిలించారు. 2020 ఫారంలో కూడా పాకిస్తానీలకి సొంత గడి లేదు, అదర్ ఏషియన్ దగ్గర చేత్తో రాసుకోవాలి.

అంటే మీ సభ్యుల్లో ఒకరికి ఇండియన్ అనేది కొట్లాడి తెచ్చుకున్న పేరు. పక్కవాడికి అది తన గడే కాదు. ఇద్దరి అభ్యంతరాలూ న్యాయమైనవే.

సుబ్బారావు

మా అబ్బాయి వచ్చే ఏడాది కాలేజీలకి అప్లై చేస్తున్నాడు. ఏషియన్ అని టిక్ పెడితే సీటు రావడం కష్టమంటున్నారు. సౌత్ ఏషియన్ అని రాస్తే మేలా?

వెంకట్ ఎం.

సుబ్బారావు గారూ, ఇక్కడి చర్చ క్లబ్ పేరు గురించండీ. మీ ప్రశ్నకి క్లుప్తంగా చెప్తాను. 2023 జూన్‌లో సుప్రీం కోర్టు తీర్పు వచ్చాక, అడ్మిషన్‌లో జాతిని బట్టి మొగ్గు చూపడం కుదరదు. ఆ గడి అడ్మిషన్ అధికారులకి కనపడకుండా దాచుకునే వీలు కూడా, చాలా కాలేజీలకి ఒకే దరఖాస్తు నడిపే కామన్ యాప్ కాలేజీలకిచ్చింది. నిజం ఏదో అదే టిక్ పెట్టమనండి. మాట మార్చి రాస్తే ఒరిగేదేమీ లేదు.

పద్మజ (డాలస్)

నేను దేశీ గురించి చెప్తాను. తెలుగువాళ్లకి ఈ మాట రెండు దారుల్లో వచ్చింది. సాహిత్యంలో మార్గ కవిత, దేశి కవిత అని చదువుకున్నాం. అక్కడ దేశి అంటే ఈ నేల మీద పుట్టినది. అమెరికాలో వాడే దేశీ మాత్రం హిందీ నుంచి, పంజాబీ నుంచి వచ్చింది. ఇంట్లో మనం అనేది నాటుకోడి, దేశవాళీ విత్తనం. 'నేను దేశీని' అని తెలుగులో ఎవరూ అనరు. అమెరికాకి వచ్చాకే 'వాడు దేశీయేనా?' అని అడగడం అలవాటవుతుంది.

తేడా ఎక్కడ వస్తుందంటే, దేశీ పార్టీ, దేశీ నైట్ అని పోస్టర్ వేస్తే పాటలు హిందీవి, డాన్స్ భాంగ్రా. తమిళం, మలయాళం, తెలుగు పిల్లలు వెళ్తారు, కానీ వాళ్ల పాట ఒక్కటీ రాదు. శ్రీలంక తమిళులకి, చాలామంది నేపాలీలకి అది ఉత్తర భారతం మాటగానే వినపడుతుంది.

ఇంకో చిక్కుంది. ఉద్యోగాల దగ్గర దేశీ కన్సల్టెన్సీ అంటే గౌరవమైన మాట కాదు. జీతంలో కోత పెట్టే, రెజ్యూమేలో లేని అనుభవం రాయించే కంపెనీ అనే అర్థంలోనే మనవాళ్లు వాడతారు. అమెరికాలో పుట్టిన పిల్లల్ని ఏబీసీడీ, అంటే అమెరికన్ బార్న్ కన్‌ఫ్యూజ్డ్ దేశీ, అని వెక్కిరించేవాళ్లు. ముద్దుగానూ, తిట్టుగానూ వాడే మాటని సంఘం పేరుగా పెట్టేముందు ఆ రెండో వాడుక కూడా గుర్తుంచుకోవాలి.

ఇంతియాజ్ (కర్నూలు / షికాగో)

పద్మజ గారితో సగం ఏకీభవిస్తాను. పాకిస్తానీలు దేశీ అనే మాటని ఏ అభ్యంతరం లేకుండా వాడతారు. బంగ్లాదేశ్‌వాళ్లు దేశి అని తమ ఉచ్చారణలో పలుకుతారు, వాళ్ల దేశం పేరులోనే ఆ మాట ఉంది. షికాగోలో డెవాన్ అవెన్యూ మీద ఒకే వరసలో ఇండియన్, పాకిస్తానీ దుకాణాలుంటాయి, అక్కడ దేశీ అంటే అందరికీ అర్థమవుతుంది. సౌత్ ఏషియన్ అని మాత్రం మామూలు మాటల్లో ఎవరూ అనరు. అది యూనివర్సిటీ మాట, గ్రాంట్ అప్లికేషన్ మాట. ఇంటి దగ్గర అమ్మతో ఫోన్‌లో ఆ మాట ఎవరు వాడతారు?

వెంకట్ ఎం.

ఇంతియాజ్ భాయ్ చెప్పింది నిజం, అది యూనివర్సిటీల్లో పుట్టిన మాటే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సౌత్ ఏషియా పేరుతో డిపార్ట్‌మెంట్ పెట్టినప్పటి నుంచి అమెరికన్ చదువుల్లో అది స్థిరపడింది. 1985లో దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ ఏర్పడ్డాక పేపర్లలో కూడా మామూలైంది. దాని హద్దులు కూడా నిలకడగా లేవు. అఫ్ఘానిస్తాన్ 2007లో సార్క్‌లో చేరింది. మీ క్లబ్‌లో అఫ్ఘాన్ విద్యార్థి చేరతానంటే చేర్చుకుంటారా అనేది నియమావళిలో ముందే రాసుకోండి.

అసలు ఘర్షణ 2016లో కాలిఫోర్నియాలో బయటపడింది. స్కూలు చరిత్ర పాఠాల ముసాయిదాలో ప్రాచీన కాలానికి సంబంధించిన కొన్నిచోట్ల ఇండియా బదులు సౌత్ ఏషియా అని రాయమని కొందరు ప్రొఫెసర్లు సూచించారు. సింధు నాగరికతకి చెందిన హరప్పా, మొహెంజొదారో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్నాయి కదా అని వాళ్ల వాదన. మా చరిత్ర నుంచి మా పేరే తుడిచేస్తున్నారని హిందూ సంఘాలు, తల్లిదండ్రులు సభలకి వెళ్లి మాట్లాడారు. చివరికి చాలాచోట్ల ఇండియానే ఉంచారు. మీ ఓటింగ్‌లో కూడా ఇదే వాదన చిన్న రూపంలో వస్తుంది. సౌత్ ఏషియన్ అంటే ఇండియాని మింగేసే మాట అని ఒకరంటారు. పేరు మాత్రం సౌత్ ఏషియన్, లోపలంతా ఇండియానే అని ఇంకొకరంటారు. నా లెక్కలో రెండో ఫిర్యాదే ఎక్కువగా నిజమవుతుంది.

కిరణ్ (శాన్ హోసే)

బ్రౌన్ మాత్రం వద్దు. కాలిఫోర్నియాలో బ్రౌన్ అనగానే గుర్తొచ్చేది మెక్సికన్ మూలాలవాళ్లు. 1967లో లాస్ ఏంజెలెస్‌లో బ్రౌన్ బెరేస్ అనే చికానో సంఘం పుట్టింది, బ్రౌన్ పవర్ వాళ్ల నినాదం. మీ పోస్టర్ చూసి లాటినో విద్యార్థి వస్తే తప్పు అతనిది కాదు. దక్షిణాఫ్రికాలో అయితే ఇంకా తేడా. ఆఫ్రికాన్స్‌లో బ్రౌన్ మనుషులు అంటే కలర్డ్ అని రాసుకునే మిశ్రమ మూలాలవాళ్లు. డర్బన్‌లో మనవాళ్లు ఇండియన్లే.

శారద (టొరంటో)

మా దగ్గర మాత్రం కాలేజీ పిల్లలంతా బ్రౌన్ అనే వాడతారు, బ్రాంప్టన్‌లో ఎవరినైనా అడగండి. అక్కడ లాటినోలు తక్కువ, అందుకని అయోమయం రాదు. ఊరిని బట్టి మాట మారుతుంది.

కిరణ్ (శాన్ హోసే)

ఒప్పుకుంటాను. కానీ బ్రౌన్ అనేది మనం పెట్టుకున్న పేరు మాత్రమే కాదు, బయటివాళ్లు మన రంగు చూసి వేసే ముద్ర కూడా. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేత్‌లో తెలుగు ఇంజనీరుని కాల్చి చంపినవాడు, తాను ఇరానియన్లని కాల్చానని తర్వాత చెప్పాడు. ఆ కళ్లకి మనం, ఇరానియన్, అరబ్బు అంతా ఒకటే. దాడుల మీద సభ పెట్టినప్పుడు బ్రౌన్ అనే మాట ఆ నిజాన్ని సూటిగా చెబుతుంది. అక్కడ వాడండి, పండగ పోస్టర్ మీద వద్దు. ఇంకోటి, మణిపూర్, నాగాలాండ్ విద్యార్థులు ఆ మాటలో తమని చూసుకోలేరు.

లలిత (లెస్టర్)

ఇంగ్లండ్‌లో ఏషియన్ అంటేనే మనం. చైనావాళ్లని సెన్సస్‌లో ఏషియన్ కింద చేర్చింది 2011లోనే. అమెరికాలో ఏషియన్ నైట్ అంటే మనల్ని ఎవరూ ఊహించరు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన సభ్యులుంటే ఈ ఒక్క మాట దగ్గరే బోల్తా పడతారు.

వెంకట్ ఎం.

మాధవి గారూ, ఓటింగ్‌కి ముందు ఒక చిన్న పని చేయండి. గత ఏడాది పోస్టర్లన్నీ బల్ల మీద పరచండి. దీపావళి, హోలీ, ఆగస్టు 15, బాలీవుడ్ నైట్ తప్ప ఇంకేమీ లేకపోతే మీది ఇండియన్ అసోసియేషనే, ఆ పేరే నిజాయితీ. పేరు మార్చి ఇవే కార్యక్రమాలు చేస్తే నేపాలీ, బంగ్లాదేశీ పిల్లలు కొన్నాళ్లకి సొంత సంఘం పెట్టుకుంటారు. కమిటీ ఎన్నికల్లో వాళ్ల పేర్లు రాకపోవడం దానికి మొదటి గుర్తు.

పేరు మార్చాలనే అనుకుంటే క్యాలెండర్ ముందు మార్చండి. ఫిబ్రవరి 21 అందరికీ కుదురుతుంది. 1952లో ఢాకాలో బెంగాలీ కోసం విద్యార్థులు ప్రాణాలిచ్చిన రోజు, ఇప్పుడు యునెస్కో మాతృభాషా దినం. ఆ రోజు తెలుగు, తమిళం, నేపాలీ, ఉర్దూ, సింహళం అన్నిటికీ వేదిక మీద చోటుంటుంది. డిసెంబర్ 16 జోలికి మాత్రం ఆలోచించి వెళ్లండి. బంగ్లాదేశీలకి అది విజయ దినం, పాకిస్తానీలకి 1971లో లొంగిపోయిన రోజు. ఒకే హాల్లో ఇద్దరికీ ఒకే పోస్టర్ పనికిరాదు.

నా సలహా: రిజిస్టర్ చేసే పేరులో సౌత్ ఏషియన్, దాని కింద వరసలో దేశాల పేర్లు. సరదా కార్యక్రమాలకి దేశీ, అదీ పాటల జాబితాలో కనీసం నాలుగు భాషలుంటేనే.

మాధవి (న్యూజెర్సీ)

చాలా ఉపయోగపడిందండీ. పోస్టర్లు తీశాను. పదకొండులో తొమ్మిది మీరు చెప్పిన రకమే. మరి గయానా పిల్లల సంగతి? దేశాల వరసలో వాళ్ల దేశం రాదు కదా.

ఇంతియాజ్ (కర్నూలు / షికాగో)

అక్కడే నా అభ్యంతరం కూడా. వాళ్ల పూర్వీకులు 1838 నుంచి కూలీ ఒప్పందాల మీద వెళ్లారు. వాళ్లు తమని ఇండియన్ అనో, ఇండో-కరీబియన్ అనో చెప్పుకుంటారు. సౌత్ ఏషియన్ అంటే వాళ్లు బయటే, దేశీ అంటే కూడా దూరమే. ఈ మూడు మాటలకంటే పాత పేరు ఇండియనే వాళ్లకి దగ్గర.

వెంకట్ ఎం.

దీనికి నా దగ్గర జవాబు లేదు. దేశాల వరస తీసేసి 'సౌత్ ఏషియన్, ఇండో-కరీబియన్' అని రెండు మాటలూ పెట్టిన సంఘాలున్నాయి. ముందు ఆ ఇద్దరినీ అడగండి, ఓటింగ్ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

పద్మజ (డాలస్)

అడిగాక ఏమన్నారో ఇక్కడ రాయండి మాధవి గారూ.