ఆలస్యమా, జాప్యమా, విలంబమా? డిలే ఈక్వేషన్‌కి తెలుగు పేరు కావాలి

తర్జుమా: డిగ్రీ పిల్లల కోసం ఒక చిన్న లెక్కల వ్యాసం తెలుగులో రాస్తున్నాను. డిఫరెన్షియల్ ఈక్వేషన్‌కి ఇంటర్ పుస్తకాల్లో 'అవకలన సమీకరణం' అని ఉంది, దానితో ఇబ్బంది లేదు. దాని ముందు 'డిలే' చేరితే ఏమనాలి? ఆలస్య అవకలన సమీకరణం, జాప్య అవకలన సమీకరణం, విలంబ అవకలన సమీకరణం అని మూడూ రాసి చూశాను. మూడూ ఎక్కడో అతకడం లేదు. ఇంకోటి, వీటిని సాధించే 'మెథడ్ ఆఫ్ స్టెప్స్'కి కూడా మంచి మాట కావాలి.

సంస్కృతం మాస్టారు: ఆలస్యం వద్దు నాయనా. సంస్కృతంలో ఆ మాటకి సోమరితనం అని అర్థం, అలసుడి లక్షణం. దాన్ని 'లేటు' అనే అర్థంలో వాడుకున్నది మనం. జాప్యం వింటే ఆఫీసు ఫైళ్ళు గుర్తొస్తాయి. కాలంలో వెనకబడటానికి విలంబమే సరైన మాట. 'అవిలంబంగా' అని ఇప్పటికీ రాస్తున్నాం కదా.

రోజూ బస్సే: ఇంత చర్చ ఎందుకండీ, ఆలస్యం అంటే అందరికీ తెలుసు. బస్సు అరగంట లేటైతే అదే బస్సు, అవే సీట్లు, అరగంట తర్వాత వస్తుంది. ఈ సమీకరణం కూడా అంతే అయి ఉంటుంది. మామూలు సమాధానం గీసి, గ్రాఫుని కాస్త కుడికి జరిపితే చాలు.

లెక్కల మేడం: పేరు పెట్టే ముందు ఈ బస్సు పోలికని పక్కన పెట్టాలి, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. ఈ సమీకరణాల్లో ఫలితం లేటుగా రాదు. మార్పు ఇప్పుడే జరుగుతుంది, కానీ పాత కబురుని నమ్ముకుని జరుగుతుంది.

గీజర్ నీళ్ళ షవర్ తీసుకోండి. వేడి, చల్ల నీళ్ళు కలిసే నాబ్ ఒక చోట, షవర్ తల ఇంకో చోట. మధ్య పైపులో నీళ్ళు రావడానికి 10 సెకన్లు పడుతుందనుకుందాం. నాబ్ దగ్గర కలిసిన నీళ్ళు మనకి హాయిగా ఉండే వేడి కన్నా ఎంత ఎక్కువో దాన్ని x అందాం. ఒంటికి తగిలేది ఇప్పటి x కాదు, 10 సెకన్ల కిందటి x. ఒంటికి ఎంత వేడిగా తగిలితే అంత జోరుగా నాబ్‌ని చల్లవైపు తిప్పుతాం. ఇదే ఆ సమీకరణం:

x'(t) = −k · x(t − τ)

k అంటే మన చెయ్యి ఎంత తొందరపడుతోందో చెప్పే సంఖ్య, τ అంటే పైపు ప్రయాణం. τ సున్నా అయితే ఇది మీ అందరికీ తెలిసిన x' = −kx. దాని సమాధానం నెమ్మదిగా సున్నాకి దగ్గరవుతుందే గానీ ఎప్పుడూ దాన్ని దాటదు. τ తగినంత పెద్దదైతే దాటుతుంది, మళ్ళీ వెనక్కొస్తుంది, మళ్ళీ దాటుతుంది. కుడికి జరిపిన గ్రాఫులో ఈ ఊగిసలాట ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే అది వేరే ప్రవర్తన, లేటైన పాత ప్రవర్తన కాదు.

మిర్చి రైతు కొడుకు: మేడం, ఇది మా ఇంట్లో చూసిందే. ఒక ఏడు మిర్చికి ధర బాగా వస్తుంది. అది చూసి తర్వాతి ఏడు ఊరు ఊరంతా మిర్చే వేస్తుంది. పంట యార్డుకి వచ్చేసరికి బస్తాలు గుట్టలు, ధర నేలకి. దాంతో మరుసటి ఏడు సగం మంది పత్తికి మారతారు, మళ్ళీ ధర లేస్తుంది. మా నాన్న ప్రతిసారీ నిరుటి ధర చూసే ఈ ఏడు ఏం వెయ్యాలో తేల్చేవాడు. అది కూడా ఈ సమీకరణమేనా?

లెక్కల మేడం: కారణం అదే బాబూ. దిద్దుకునే పద్ధతి సరైనదే, ధర పెరిగితే సాగు పెంచాలి. కానీ ఆ పని నిరుటి కబురు మీద జరిగింది. తేడా ఏంటంటే విత్తడం ఏడాదికి ఒకసారే, కాబట్టి అది ఏడాది నుంచి ఏడాదికి దూకే లెక్క. షవర్‌లో చెయ్యి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి అవకలనం కావాలి. రెండూ దగ్గరి చుట్టాలు.

కంట్రోల్స్ ఇంజినీర్: నేనో సులువు చెబుతాను. x(t − τ) బదులు టేలర్ విస్తరణలో మొదటి రెండు పదాలు, x(t) − τ·x'(t), పెట్టేయండి. అది మామూలు అవకలన సమీకరణం అయిపోతుంది. మేము డ్యూటీలో చాలాసార్లు చేసే పనే. కొత్త పద్ధతీ అక్కర్లేదు, కొత్త పేరూ అక్కర్లేదు.

లెక్కల మేడం: kτ చాలా చిన్నదైతే, 0.1 అనుకోండి, మీ సులువు బాగానే పనిచేస్తుంది. ఇప్పుడు k = 1, τ = 1 పెట్టి చూడండి. x' = −x + x' అని వస్తుంది. రెండువైపులా x' కొట్టేస్తే x = 0. మొదట్లోనే నీళ్ళు సరిగ్గా ఉన్నాయని చెబుతోంది! kτ 1 దాటితే ఇంకా ఘోరం, ఊగకుండా అలా పెరుగుతూనే పోతుందంటుంది. అసలు సమాధానం 1 దగ్గర ఏం చేస్తుందో నేరుగా కట్టి చూపిస్తాను. మెథడ్ ఆఫ్ స్టెప్స్ కూడా ఇందులోనే వచ్చేస్తుంది.

కాలాన్ని 10 సెకన్ల ముక్కల్లో కొలుద్దాం, అంటే τ = 1. k = 1. మొదట నీళ్ళు ఒక పాలు ఎక్కువ వేడి. ఆ ఒక పాలు 10 డిగ్రీలు అనుకోండి.

మామూలు సమీకరణానికి మొదటి విలువ ఒక్కటి ఇస్తే చాలు. ఇక్కడ చాలదు. నాబ్ మీద చెయ్యి వేసే సమయానికే పైపు నిండా నీళ్ళున్నాయి, అవన్నీ మన ఒంటి మీద పడాల్సిందే. కాబట్టి t = −1 నుంచి 0 దాకా x ఎలా ఉందో మొత్తం చెప్పాలి. మన లెక్కలో ఆ పొడవునా x = 1.

ఇప్పుడు 0 నుంచి 1 దాకా చూడండి. ఈ ముక్కలో x(t − 1) మనకి ముందే తెలుసు, అది 1. కాబట్టి x' = −1, అంటే

x(t) = 1 − t

t = 1 దగ్గర x = 0. అంటే 10వ సెకనుకే నాబ్ సరైన చోటికి వచ్చేసింది! కానీ ఆ క్షణాన ఒంటి మీద పడుతున్నవి ఇంకా మొదటి వేడి నీళ్ళే. వేడి ఏమీ తగ్గలేదనే మనకి అనిపిస్తుంది, తిప్పుతూనే ఉంటాం.

1 నుంచి 2 దాకా పోదాం. ఇప్పుడు x(t − 1) అంటే ఇందాక కట్టిన ముక్కే, t స్థానంలో t − 1 పెడితే 2 − t. కాబట్టి x' = t − 2. t = 1 దగ్గర 0 నుంచి మొదలుపెట్టి సమాకలనం చేస్తే

x(t) = (t − 2)²/2 − 1/2

t = 2 దగ్గర x = −1/2. అంటే నాబ్ దగ్గర నీళ్ళు 5 డిగ్రీలు ఎక్కువ చల్లబడిపోయాయి. హాయిగా ఉండే నీళ్ళు ఒంటికి తగిలేది సరిగ్గా ఇప్పుడు, చెయ్యి ఆగేదీ ఇప్పుడే. ఆ వెంటనే చల్లనీళ్ళు మొదలవుతాయి.

2 నుంచి 3 దాకా కూడా అదే పని. కిందటి ముక్కలో t బదులు t − 1 పెట్టి, గుర్తు మార్చి, సమాకలనం చేయండి. t = 3 దగ్గర −1/6 వస్తుంది. ఇంకో ముక్క వేస్తే t = 4 దగ్గర 5/24, అంటే మళ్ళీ 2 డిగ్రీలు ఎక్కువ వేడి. ఊగుతోంది కానీ ఊపు తగ్గుతోంది.

తర్జుమా: చాలా బాగుంది మేడం. రెండో ముక్కలో కాగితం మీద ఒకటి గమనించాను. t = 0 దగ్గర గ్రాఫు ఠక్కున విరిగింది, t = 1 దగ్గర విరగలేదు. నేనేమైనా తప్పు చేశానా?

లెక్కల మేడం: తప్పు లేదు. 0 దగ్గర వాలు 0 నుంచి −1 కి ఒక్కసారిగా మారింది, అది కంటికి కనిపిస్తుంది. 1 దగ్గర వాలు రెండువైపులా −1, అది కలిసింది. కానీ వాలు మారే వేగం 0 నుంచి 1 కి దూకింది. ఆ విరుపే ఒక్కో మెట్టులో ఒక్కో అవకలనం లోపలికి దాక్కుంటూ పోతుంది. కంప్యూటర్ మీద చేసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. లెక్కించే అడుగు ఈ 0, 1, 2 ల మీదుగా చూడకుండా దాటేస్తే జవాబులో తప్పు చేరుతుంది. అందుకే మ్యాట్‌ల్యాబ్‌లో ఉన్న `dde23` లాంటివి ఈ చోట్లని కనిపెట్టి, అక్కడ ఆగి ముందుకెళతాయి.

కంట్రోల్స్ ఇంజినీర్: ఒప్పుకుంటున్నాను మేడం, 1 దగ్గర నా సులువు పనికిరాదు. మరి ఊపు తగ్గకుండా ఎప్పుడు ఊగుతుంది? మా లూపుల్లో అది పెద్ద టెన్షన్.

లెక్కల మేడం: k, τ విడివిడిగా కాదు, వాటి లబ్ధం kτ చూడాలి. అది 1/e, అంటే సుమారు 0.368 దాటకపోతే ఊగడం ఉండదు. అక్కడి నుంచి π/2, అంటే 1.571 దాకా ఊగి ఊగి సర్దుకుంటుంది. π/2 దాటితే ఊపు పెరుగుతూ పోతుంది. సరిగ్గా π/2 దగ్గర ఏమవుతుందో మీరే సరిచూసుకోవచ్చు: τ = 1 పెట్టి cos(πt/2) ని సమీకరణంలో వెయ్యండి, రెండువైపులా సరిపోతుంది. తగ్గదు, పెరగదు. మన షవర్‌లో 10 సెకన్ల పైపుకి అసలు ఊగకూడదంటే k సెకనుకి 0.037 లోపే ఉండాలి. ఒంటికి 10 డిగ్రీలు ఎక్కువనిపిస్తే సెకనుకి 0.37 డిగ్రీ కన్నా ఎక్కువ తగ్గించకూడదన్నమాట. అంత ఓపిక ఎవరికీ ఉండదు.

ఈ π/2 షవర్ దగ్గరే ఆగలేదు. 1948లో హచిన్సన్ అనే జీవావరణ శాస్త్రవేత్త, జనాభా పెరుగుదలని ఇప్పటి సంఖ్య కాకుండా కొంతకాలం కిందటి సంఖ్య అదుపు చేస్తే ఏమవుతుందని ఒక సమీకరణం రాశారు. నిలకడ విలువకి దగ్గరగా చూస్తే అది మనం ఇప్పుడు సాధించిన సమీకరణమే అవుతుంది, k స్థానంలో వృద్ధి రేటు ఉంటుంది. ఆస్ట్రేలియాలో నికల్సన్ అనే కీటక శాస్త్రవేత్త ప్రయోగశాలలో పెంచిన గొర్రె ఈగలు, రోజూ అంతే తిండి పెట్టినా, వేలల్లోకి పెరిగి కూలి మళ్ళీ పెరిగేవి. గుడ్డు ఈగ కావడానికి పట్టే రోజులే అక్కడ పైపు.

సంస్కృతం మాస్టారు: అమ్మా, ఇది విన్నాక నా మాట నేనే మార్చుకోవాలనిపిస్తోంది. 'ఆలస్యం అమృతం విషం' అంటాం. లేటైతే అమృతం దొరకదని కాదు, ఆ అమృతమే విషమవుతుందని. చల్లనీళ్ళ వైపు తిప్పడం అమృతమే, పాత కబురు మీద తిప్పితే అదే ఒంటికి విషం. సామెతలో ఇంత అర్థం ఉన్నప్పుడు ఆలస్యాన్ని సోమరితనమని తోసేయడం తొందరపాటేమో.

రోజూ బస్సే: నా బస్సు పోలిక తప్పని అర్థమైంది. కానీ మాస్టారూ, ఆలస్యం అని పేరు పెడితే చదివే పిల్లలందరూ ముందు నాలాగే అనుకుంటారు.

మిర్చి రైతు కొడుకు: 'పాత కబురు సమీకరణం' అనండి. మా నాన్నకి కూడా అర్థమవుతుంది.

తర్జుమా: చిత్తుప్రతిలో ప్రస్తుతానికి 'విలంబ అవకలన సమీకరణం' అని రాసి, మొదటి పేరాలోనే షవర్ పెడుతున్నాను. రైతు కొడుకు గారి 'పాత కబురు' వివరణలో వస్తుంది. సాధించే పద్ధతికి 'మెట్ల పద్ధతి' అనుకున్నాను కానీ, ఒక ముక్క సమాధానమే తర్వాతి ముక్కకి ముడిసరుకు అవుతోంది కాబట్టి 'అంచెల పద్ధతి' ఇంకా దగ్గరగా ఉందనిపిస్తోంది. అంచెలో ఒకరి చేతిలోది ఇంకొకరికి అందుతుంది.

లెక్కల మేడం: అంచెల పద్ధతి నాకు బాగా నచ్చింది. ఇంకా ఒకటి మిగిలింది. −1 నుంచి 0 దాకా ముందే ఇవ్వాల్సిన ఆ ముక్కకి పేరేం పెడతారు? 'ప్రారంభ విలువ' అంటే ఒక్క సంఖ్య అనుకుంటారు, అక్కడేమో పైపు నిండా నీళ్ళున్నాయి.

సంస్కృతం మాస్టారు: 'పూర్వవృత్తం' ఎలా ఉంటుందమ్మా?

రోజూ బస్సే: వృత్తం అంటే సర్కిల్ అనుకోరూ లెక్కల పిల్లలు?