రేణిగుంట నుంచా, చెన్నై నుంచా? తమ్ముడి అమెరికా టికెట్ మీద చర్చ

తిరుచానూరు రోడ్డు (ప్రశ్న): మా తమ్ముడు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాడు, వీసా వచ్చేసింది. యూనివర్సిటీ చికాగో నుంచి బస్సులో మూడు గంటలు. యూనివర్సిటీ పంపిన I-20 కాగితంలో ప్రోగ్రాం మొదలయ్యేది ఆగస్టు 17. రేణిగుంట నుంచి హైదరాబాద్‌కి ఒక టికెట్, అక్కడి నుంచి అమెరికాకి వేరే టికెట్ తీస్తే పన్నెండు వేలు మిగిలేలా ఉంది. నాన్న మాత్రం చెన్నై నుంచి ఒకే టికెట్ తీయమంటున్నారు. అమ్మేమో డిసెంబర్‌కి రిటర్న్ కూడా ఇప్పుడే తీసేయమంటోంది. ఏది మంచిది?

పలమనేరు శీను: రిటర్న్ తీయకుండా ఎట్లా పంపిస్తారన్నా? ఇమిగ్రేషన్‌లో రిటర్న్ టికెట్ అడుగుతారు, లేకపోతే వెనక్కి పంపేస్తారు. మా మామ వెళ్లినప్పుడు అడిగారు. లగేజీకి టెన్షన్ వద్దు, 46 కిలోలు ఇస్తారు, ఎట్లా సర్దుకున్నా పర్వాలేదు.

ఎయిర్ బైపాస్ టికెట్‌బాబు: శీనూ, మీ మామ వెళ్లింది చుట్టపుచూపు వీసా మీద అయ్యుంటుంది. వాళ్లను తిరుగు టికెట్ అడగడం మామూలే. F-1 స్టూడెంట్ వీసా వాళ్ల దగ్గర చూసేది I-20, ఫీజు కట్టే డబ్బు ఎక్కడిదన్న కాగితాలు. వన్ వే మీద ఏటా ఎంతోమంది పిల్లలు వెళ్తున్నారు.

46 కిలోల మాట కూడా సగమే నిజం. అమెరికా రూటులో చాలా ఎయిర్‌లైన్స్ ఇచ్చేది రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఒకటి 26, ఇంకోటి 20 అయితే మొత్తం సరిపోయినా 26 కిలోల పెట్టెకు ఓవర్‌వెయిట్ కట్టాలి. లేదా కౌంటర్ ముందే పెట్టెలు విప్పి పచ్చడి డబ్బాలు అటూ ఇటూ మార్చాలి. ఇ-టికెట్‌లో బ్యాగేజీ దగ్గర `2PC` అని ఉంటే పెట్టెల లెక్క, `30K` అని ఉంటే మొత్తం కిలోల లెక్క. చౌకగా దొరికిన టికెట్లలో `1PC` కూడా తగులుతుంది, డబ్బు కట్టేముందే చూసుకోండి.

ఇక పన్నెండు వేల సంగతి. హైదరాబాద్ టికెట్ విడిగా తీస్తే అది మామూలు డొమెస్టిక్ ప్రయాణం. చెక్-ఇన్‌కి సాధారణంగా 15 కిలోలే. తమ్ముడి దగ్గర 46 ఉంటే 31 కిలోలు ఎక్కువ. కిలోకు ఐదు వందలు వేసుకున్నా పదిహేను వేలు దాటింది. ముందే ఆన్‌లైన్‌లో కొంటే కొంత తగ్గుతుందేమో గానీ మీకు మిగిలేది ఏమీ ఉండదు. రేణిగుంట నుంచి చికాగో దాకా ఒకే PNR మీద దొరికితే కథ వేరు, అప్పుడు మొదటి ఫ్లైట్‌కి కూడా అంతర్జాతీయ లగేజీ లెక్కే వస్తుంది.

మదనపల్లె అమ్మ: మా వాడు జర్మనీ వెళ్లాడు నాయనా, వాడికి ముప్పై కిలోలే ఇచ్చారు. ఆదివారం దిగాడు, అక్కడ ఆదివారం కొట్లన్నీ మూసేస్తారంట. మేము కట్టిచ్చిన పులిహోరతోనే ఆ రోజు గడిచింది. రెండు పూటలకు సరిపడా తిండి చేతి సంచిలో పెట్టండి.

రేణిగుంట రాజు: అమ్మా, ఆయన అడిగింది అమెరికా గురించి. నేను మాత్రం రేణిగుంటే అంటాను. చెన్నై దాకా కారు, డ్రైవర్ బేటా, టోల్, తోడొచ్చే ఇంటిల్లిపాదికి టిఫిన్లు, ఇవి ఎవరి లెక్కలో వేశారు? హైదరాబాద్ ఫ్లైట్ గంటంపావు.

ఎయిర్ బైపాస్ టికెట్‌బాబు: కారు ఖర్చు నిజమే, కాదనను. కానీ రెండు టికెట్లు విడివిడిగా ఉంటే మొదటి ఫ్లైట్ ఆలస్యమైనప్పుడు రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం లేదు. పిల్లవాడు రాలేదని రాసేసుకుంటారు. ఒకే PNR అయితే తర్వాతి ఫ్లైట్‌లో పంపే బాధ్యత వాళ్లదే.

చెన్నైలో అసలు పొరపాటు తేదీ దగ్గర జరుగుతుంది. గల్ఫ్ మీదుగా వెళ్లే ఫ్లైట్లు చాలావరకు తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య. టికెట్ మీద 12వ తేదీ 3:35 అని ఉంటే మీరు 11వ తేదీ రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 12 సాయంత్రం బయల్దేరదామని కూర్చున్న ఇళ్లు నేను చూశాను. ఆ టైముకి తిరుపతి నుంచి సాయంత్రం ఆరున్నరకు కదలండి. ఆడికృత్తిక రోజులైతే తిరుత్తణి దగ్గర కావళ్ల జనంతో రోడ్డు నిండిపోతుంది, ఇంకో రెండు గంటలు ముందు.

చికాగో చిత్తూరోడు: ఇక్కడ దిగే టైము గురించి ఎవరూ మాట్లాడలేదు. మధ్యాహ్నం మూడుకు దిగేది తీసుకోండి. ఇమిగ్రేషన్ లైను, పెట్టెలు, అన్నీ అయ్యేసరికి ఐదున్నర, బస్సెక్కితే తొమ్మిదికి ఊళ్లో ఉంటాడు. రాత్రి ఎనిమిదికి దిగితే ఆఖరి బస్సు ఉంటుందన్న నమ్మకం లేదు, ఉన్నా అర్ధరాత్రి తెలియని ఊళ్లో దిగాలి. అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే చేసేస్తారు, ఇక్కడ ఆ లైను ఉండదు. కాకపోతే అక్కడ మూడు గంటలైనా గ్యాప్ ఉండాలి.

తేదీకి రెండు హద్దులున్నాయి. I-20లో ఉన్న తేదీకి 30 రోజులకంటే ముందు దేశంలోకి రానివ్వరు, అంటే జూలై 18కి ముందు కుదరదు. అది అందరికీ తెలుసు. రెండోది రూము. ఇలాంటి యూనివర్సిటీ ఊళ్లలో చాలా లీజులు ఆగస్టు నడిమధ్యలో మొదలవుతాయి. ఆగస్టు 1కే వస్తే రెండు వారాలు ఎవరి హాల్లోనో పడుకోవాలి. ముందు లీజు తేదీ, తాళాలిచ్చే ఆఫీసు టైము కనుక్కోండి, ఆ తర్వాత టికెట్. నన్నడిగితే 11, 12 తేదీలు, మంగళ, బుధవారాలు. శనివారం రాత్రి దిగితే తాళాల కోసం సోమవారం దాకా ఆగాల్సి రావచ్చు.

తిరుచానూరు రోడ్డు: స్టూడెంట్ ఫేర్‌లో మూడో పెట్టె ఫ్రీ అంటున్నారు, తీసుకోవచ్చా?

చికాగో చిత్తూరోడు: ఇస్తే ఇవ్వనీ, కానీ మూడు పెట్టెలు, బ్యాక్‌ప్యాక్‌తో ఒక్కడే బస్‌స్టాప్ దాకా ఎలా లాగుతాడో ఇంట్లో ఒకసారి నడిపించి చూడండి. కుక్కర్ ఒకటి చాలు, బియ్యం ఇక్కడా దొరుకుతాయి.

ఎయిర్ బైపాస్ టికెట్‌బాబు: ఎండు కొబ్బరి చెక్-ఇన్‌లో పెట్టకండి, స్కానింగ్‌లో తీయిస్తారు. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే.

రిటర్న్ విషయానికొస్తే, డిసెంబర్ రిటర్న్‌లో తేదీ మార్పు ఫ్రీ అని రాసి ఉన్నా ఆ రోజు రేటు తేడా కట్టాలి. క్రిస్మస్ ముందు ఆ తేడా కొత్త టికెట్ అంత ఉంటుంది. ఒకవైపు ప్రయాణం చేశాక మిగిలిన సగానికి వెనక్కి వచ్చేది సాధారణంగా చాలా తక్కువ. పైగా వెళ్లేటప్పటి ఫ్లైట్ ఏ కారణంతోనైనా ఎక్కకపోతే, ముందే చెప్పి మార్చుకోనప్పుడు, రిటర్న్ కూడా రద్దయిపోతుంది. నేనైతే వన్ వే.

మదనపల్లె అమ్మ: అమ్మ మాట కొట్టేయకండి. మా వాడికి రిటర్న్ తీయలేదు, నవంబర్‌లో చూస్తే రేటు రెండింతలుంది, వాడు రాలేదు. యూనివర్సిటీ వాళ్లు పరీక్షల తేదీలు ముందే పెడతారు కదా, ఆఖరి పరీక్ష అయిన రెండు రోజులకు తీస్తే మార్చాల్సిన అవసరం ఏముంది?

ఎయిర్ బైపాస్ టికెట్‌బాబు: తేదీలు ఖాయమని తమ్ముడు చెప్తే, వన్ వేకీ రిటర్న్‌కీ తేడా చూడండమ్మా. కొన్నిసార్లు అది చాలా తక్కువ ఉంటుంది, అప్పుడు మీ మాటే సరి. కానీ మొదటి డిసెంబర్‌లోనే క్యాంపస్ ఉద్యోగం దొరికి ఆగిపోయే పిల్లలూ ఉన్నారు.

రేణిగుంట రాజు: ఒకే PNR రేణిగుంట నుంచి దొరికితే మాత్రం అదే తీసుకోండి, చెన్నై ఎందుకు?

తిరుచానూరు రోడ్డు: ఇప్పుడే చూశాను రాజన్నా. రేణిగుంట నుంచి ఒకే PNR ఉంది, కానీ హైదరాబాద్‌లో పదకొండు గంటలు ఆగాలి, చికాగోలో దిగేది రాత్రి 9:40. చెన్నైదే తీస్తున్నా, 12వ తేదీ, `2PC`. రిటర్న్ సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు, అమ్మ ఈ చర్చ చదివి మదనపల్లె అమ్మగారి పక్షం చేరింది.